లైమ్ సోడా స్వీటా, సాల్టా? ఒక స్టీవర్డ్ మొదటి సాయంత్రం

(హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థుల ముందు హైదరాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండి.

మీ మేడమ్ గారు ఫోన్ చేసి, వైన్ సర్వీస్ గురించి ఒక గంట మాట్లాడమన్నారు. బాటిల్ ఎలా తెరవాలి, గ్లాసు ఎటువైపు పెట్టాలి అన్నవి మీరు ప్రాక్టికల్స్‌లో చేస్తూనే ఉన్నారు కాబట్టి నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పను. ఒక సాయంత్రం గురించి చెప్తాను. ఒక టేబుల్, ఇద్దరు మనుషులు, రెండు గ్లాసులు, అంతే. నేను ఈ పనిలో నేర్చుకున్నదాంట్లో చాలా భాగం ఆ రెండు గంటల్లోనే ఉంది.

2013. నాకు 22 ఏళ్ళు. మాది కోదాడ దగ్గర ఒక పల్లె. బంజారా హిల్స్‌లో ఒక రెస్టారెంట్‌లో మూడు నెలలు నీళ్ళు పోశాను, ప్లేట్లు తీశాను. ఆ శనివారం మా కెప్టెన్ పిలిచి, "ఈ రోజు నుంచి వైన్ ఆర్డర్ నువ్వే తీస్కో తమ్మీ" అన్నారు. ఆయనది కరీంనగర్. మేమంతా అన్నా అనేవాళ్ళం. మా లిస్టులో 36 వైన్లు ఉండేవి. నెల రోజులు కూర్చుని ఆ 36 పేర్లు, ఏ దేశం, ఏ ద్రాక్ష, ఏ రుచి అని బట్టీ పట్టాను. నిద్రలో లేపి అడిగినా చెప్పేసేవాణ్ణి.

ఏడున్నరకు కిటికీ పక్క టేబుల్‌కి ఒక జంట వచ్చింది. ఆయనకు ముప్పై లోపే. ఇస్త్రీ మడతలు ఇంకా పోని కొత్త చొక్కా. ఆవిడ పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని వచ్చారు. కూర్చోగానే ఆవిడ చేసిన మొదటి పని, చుట్టుపక్కల టేబుళ్ళ మీద ఎవరేం తాగుతున్నారో చూడటం. ఆయన చేసిన మొదటి పని, వైన్ లిస్టు తెరిచి కుడివైపు చూడటం. కుడివైపు ఏముంటుందో మీకు తెలుసు. ధరలు.

తర్వాత మాటల్లో తెలిసింది, అది వాళ్ళ మొదటి పెళ్ళిరోజు. ఆఫీసులో ఎవరో "వైన్ తీసుకోండి, బాగుంటుంది" అన్నారట. ఇద్దరిలో ఎవరూ అప్పటిదాకా వైన్ తాగలేదు. ఇక్కడ ఒక విషయం ఆలోచించండి. మన ఊళ్ళల్లో "వైన్స్" అంటే ఏమిటి? మెయిన్ రోడ్డు మీద ఇనుప జాలీ, దాని ముందు గుంపు. ఆ షాపు ముందు నుంచి నడవాల్సి వస్తే ఆడపిల్లలు రోడ్డుకు అటువైపు వెళ్ళిపోతారు. అందులో బీరు, విస్కీ, బ్రాందీ అమ్ముతారు, ద్రాక్ష వైన్ వెతికితే గానీ దొరకదు. కానీ పేరు మాత్రం వైన్స్. ఆ మాటను చిన్నప్పటి నుంచి అలా విని పెరిగిన అమ్మాయి పట్టుచీర కట్టుకుని వచ్చి వైన్ తాగాలంటే లోపల ఎంత బెరుకు ఉంటుందో నాకు ఆ రోజు తట్టలేదు. నా ధ్యాసంతా నా 36 పేర్ల మీదే ఉంది.

వెళ్ళి నిలబడ్డాను. నమస్కారం చెప్పి మొదలుపెట్టాను. ఇది మీడియం బాడీ, సాఫ్ట్ టానిన్స్, ఓక్ ఫినిష్. ఇది డ్రై, క్రిస్ప్, సిట్రస్ నోట్స్. ఇలా నాలుగైదు వైన్లు చెప్పాను. ఆయన తల ఊపుతూనే ఉన్నారు. ఆవిడ మెల్లగా ఆయన వైపు వంగి, "ఏమండీ, డ్రై అంటే? ఇవాళ డ్రై డేనా?" అని అడిగారు. ఆయనకు తెలియదు. నన్ను అడగాలంటే మొహమాటం. లిస్టు మూసి, "కాసేపాగి చెప్తాం తమ్ముడూ" అన్నారు.

ఆ మాట మీరు మీ సర్వీసులో చాలాసార్లు వింటారు. కొందరు నిజంగానే ఆలోచించుకోవడానికి అంటారు. కొందరు ఈ మనిషి ఇక్కణ్ణుంచి వెళ్ళిపోతే బాగుండునని అంటారు. తేడా ఎలా తెలుస్తుందంటే, ఆలోచించుకునేవాళ్ళు లిస్టు తెరిచే ఉంచుతారు. వీళ్ళు మూసేశారు.

వెనక్కి వచ్చేసరికి కెప్టెన్ అన్న మా సర్వీస్ టేబుల్ దగ్గర నాప్కిన్లు మడుస్తున్నారు. ఏమైందని అడగలేదు, చూస్తూనే ఉన్నారు కదా. ఒకటే అన్నారు. "వాళ్ళు ఏం తింటరో అడిగినవా?"

అడగలేదు.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి వైన్ లిస్టు పట్టుకెళ్ళలేదు, మంచినీళ్ళ జగ్గు పట్టుకెళ్ళాను. గ్లాసులు నింపుతూ, "తినడానికి ఏం చెప్పమంటారు మేడమ్?" అన్నాను. ఆవిడ ముఖం మారిపోయింది. తిండి గురించి ఆవిడకు తెలుసు. "అపోలో ఫిష్‌లో ముళ్ళుండవు కదా? కారం బాగుంటుందా?" అన్నారు. ఉండవు, కారం బాగానే ఉంటుంది, కావాలంటే తగ్గిస్తామన్నాను. తగ్గించొద్దన్నారు. ఆయన గోంగూర మటన్ చెప్పారు. అపోలో ఫిష్ మీకు కొత్త కాదు. హైదరాబాద్‌లో ఏ రెస్టారెంట్‌కి వెళ్ళినా ఉంటుంది. ముల్లు లేని చేప ముక్కల్ని వేయించి పచ్చిమిర్చి, కరివేపాకు, వెల్లుల్లితో పెనం మీద తిప్పుతారు. ఘాటైన వంటకం. గోంగూర మటన్‌లో కారమూ ఉంటుంది, దానిని మించిన పులుపూ ఉంటుంది. ఆ రెండు వంటకాలూ చెప్పగానే నా లిస్టులో సగం వైన్లు వాటంతట అవే పక్కకు వెళ్ళిపోయాయి. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

తర్వాత నేను అడిగిన ప్రశ్న ముందుగా అనుకున్నది కాదు. మూడు నెలలుగా ప్రతి టేబుల్ దగ్గరా అడుగుతున్న ప్రశ్నే కాబట్టి నోటికి వచ్చేసింది. "మేడమ్, మీరు ఫ్రెష్ లైమ్ సోడా తాగితే స్వీటా, సాల్టా?"

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రెండూ కలిపి."

ఆయన, "నాకు సాల్ట్. తీపి పడదు" అన్నారు.

అంతే. నాకు కావలసింది మొత్తం దొరికింది. ఆవిడకు పులుపు ఇష్టమే, కానీ దాని వెనకాల కాస్త తీపి ఆసరా కావాలి. ఆయనకు పులుపు ఉన్నదున్నట్టు చాలు. ఈ సంగతి తెలుసుకోవడానికి "మీకు డ్రై వైన్ కావాలా, ఆఫ్-డ్రై కావాలా" అని అడిగితే సమాధానం రాదు. జీవితంలో వైన్ తాగని మనిషికి కూడా పులుపుతో ఎంత తీపి కావాలో కచ్చితంగా తెలుసు. మన నాలుకకు ఆ లెక్క చిన్నప్పటి నుంచే వచ్చు.

మనకు ఇంకొక గొప్ప సౌకర్యం ఉంది. వైన్ పుస్తకాల్లో టానిన్ గురించి పేజీలకు పేజీలు రాస్తారు. నోరు ఎండిపోయినట్టు, చిగుళ్ళు పట్టేసినట్టు అని వర్ణిస్తారు. తెలుగులో దానికి ఒక్క మాట చాలు, వగరు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదు, చింతపండు పులుపు, మామిడి పిందె వగరు అని మనకు ఐదేళ్ళప్పుడే చెప్తారు. నేరేడు పండు తిన్నాక నాలుక గరుకుగా అవుతుందే, అదే టానిన్. పచ్చి అరటికాయలో ఉండేదీ అదే. మన లాలాజలంలో ఉండే ప్రొటీన్లే నోటికి నునుపు ఇస్తాయి. టానిన్ వాటిని పట్టుకుని గడ్డ కట్టిస్తుంది, నునుపు పోతుంది. ఎర్ర వైన్‌ను ద్రాక్ష తొక్కతో, గింజతో కలిపి పులియబెడతారు కాబట్టి అందులో వగరు ఎక్కువ. తెల్ల వైన్‌కు రసం మాత్రమే తీసుకుంటారు కాబట్టి వగరు దాదాపు ఉండదు.

ఆ టేబుల్‌కి నేను మనసులో అనుకున్నది నాసిక్ షెనిన్ బ్లాంక్. కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. షెనిన్ బ్లాంక్ అసలు ఫ్రాన్స్‌లో లువార్ నది లోయ ద్రాక్ష. గట్టి పులుపున్న రకం. నాసిక్‌లో దీన్ని చాలామంది పండిస్తున్నారు, అందులో కొందరు పూర్తిగా పులియకముందే ఆపి, కొంచెం చక్కెర మిగులుస్తారు. డ్రై అంటే తీపి లేనిదని అర్థం. లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే డ్రై అంటారు. మేము పోసే షెనిన్‌లో అంతకు కొన్ని గ్రాములు ఎక్కువ ఉండేది, ఆఫ్-డ్రై అనేది అలాంటి దాన్నే. పోలిక కోసం చెప్తున్నాను, మామూలు కూల్‌డ్రింక్‌లో లీటరుకు దాదాపు 100 గ్రాములు ఉంటుంది. అంటే ఇది స్వీటూ కాదు, సాల్టూ కాదు. ఆవిడ చెప్పినట్టు, రెండూ కలిపి.

ఇప్పుడు ధర సంగతి. భార్య ముందు భర్తను "బడ్జెట్ ఎంత సర్" అని ఎప్పుడూ అడగకండి. నేను లిస్టు ఆయన ముందు తెరిచి, షెనిన్ బ్లాంక్ పేరు మీద కాకుండా దాని ధర మీద వేలు పెట్టి, "ఇలాంటిది చూద్దామా సర్?" అన్నాను. ఆవిడకు నేను వైన్ చూపిస్తున్నట్టే ఉంటుంది. ఆయనకు మాత్రం అంకె కనిపిస్తుంది. గ్లాసు 450, బాటిల్ 2,100, ట్యాక్స్ అదనం. ఆయన అంకె చూశారు, బాటిల్ ధర చూశారు, "గ్లాసు కూడా ఇస్తారా?" అన్నారు. ఆ ప్రశ్న అడగడానికి ఆయన ఎంతసేపు ఆగారో ఆ గొంతులో తెలిసింది. "ఇద్దరికి గ్లాసే సరిపోతుంది సర్, 150 ఎంఎల్ వస్తుంది, ట్యాక్స్ బిల్లులో వేరే పడుతుంది" అన్నాను. ట్యాక్స్ మాట ముందే చెప్పేయండి. బిల్లు దగ్గర అదే పెద్ద టెన్షన్.

బండి మీద వచ్చారా అని కూడా అడిగాను. ఆటోలో వచ్చామన్నారు. ఇది మర్యాద కోసం అడిగిన ప్రశ్న కాదు. మన చట్టం ప్రకారం 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపకూడదు. 150 ఎంఎల్ గ్లాసులో 12 శాతం వైన్ అంటే దాదాపు 14 గ్రాముల ఆల్కహాల్. 70 కిలోల మగవాణ్ణి ఆ హద్దు దాకా తీసుకెళ్ళడానికి ఆ ఒక్క గ్లాసే చాలు. సన్నగా ఉన్న అమ్మాయి అయితే దాటిపోతుంది.

అంతా కుదిరిందనుకుంటుండగా ఆయన అన్నారు, "కానీ మటన్‌కి రెడ్డే కదా తీసుకోవాలి? అందరూ అదే అంటారు." సినిమాల్లో చూసింది, ఆఫీసులో విన్నది అన్నీ ఎర్ర వైన్ గురించే. ఆయన తప్పేమీ లేదు. కారం తక్కువ ఉండే, కొవ్వున్న మాంసం వంటలకు ఆ మాట నిజమే. నేను వాదించలేదు. "చేప రాగానే రెండూ ఒక్కో గుక్క పోస్తాను సర్. తిని చూసి మీరే చెప్పండి" అన్నాను. ఆయన భుజాలు దిగాయి. అప్పటిదాకా ఆయన భయమంతా, ఒకటి చెప్పేస్తే ఇక వెనక్కి తీసుకోలేమనే.

కెప్టెన్ అన్నను అడిగాను. సరే, కానీ రాయమన్నారు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. బాటిల్ 750 ఎంఎల్, అంటే సరిగ్గా అయిదు గ్లాసులు. రుచి చూపించడానికి 30 ఎంఎల్ పోసినా చివరి గ్లాసు నిండదు. బార్ వాళ్ళు రాత్రి స్టాక్ చూసేటప్పుడు ఆ 30 ఎక్కడికి పోయిందో ఒకరు సమాధానం చెప్పాలి. కాబట్టి స్లిప్పు రాసి ఇవ్వండి.

బార్‌లో ఫ్రిజ్ తెరిస్తే షెనిన్ సగం బాటిల్ ఉంది. తెరిచినది. మెడకు తేదీ చీటీ లేదు. తెరిచిన ప్రతి బాటిల్‌కి తేదీ రాసి కట్టాలని మా దగ్గర రూలు, ఎవరో కట్టలేదు. చిన్న గ్లాసులో కొంచెం పోసి చూశాను. రంగు తేడాగా ఉంది. లేత గడ్డి రంగులో ఉండాల్సింది పాత తేనె రంగుకు తిరిగింది. వాసన చూశాను. ఆపిల్ కోసి ప్లేటులో వదిలేస్తే గంట తర్వాత గోధుమ రంగుకు తిరిగి ఒక వాసన వస్తుంది చూడండి, అదే. ఆపిల్ ముక్కకూ ఈ వైన్‌కూ పట్టింది ఒకటే, గాలి. తెరిచిన తెల్ల వైన్ మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది. అది అంతకంటే పాతది.

ఇంకో రకం చెడిపోవడం కూడా ఉంది. అది తెరవక ముందే జరుగుతుంది. బెరడు కార్క్ నుంచి వచ్చే టీసీఏ అనే పదార్థం వైన్‌కి తడి అట్టపెట్టె వాసన తెస్తుంది. వానలో తడిసి మూలన పడ్డ పాత న్యూస్‌పేపర్ కట్ట ఎలా ఉంటుందో అలా. అప్పుడు వైన్ రంగు మారదు, పండు వాసన మాత్రం చచ్చిపోతుంది. అందుకే గెస్ట్‌కి ముందు కొంచెం పోసి చూపిస్తాం. నచ్చిందా అని కాదు, చెడిపోలేదు కదా అని.

(వెనక వరసలో ఒక విద్యార్థిని: "సర్, గెస్ట్‌కి ఆ తేడా తెలియదు కదా? అలాంటప్పుడు ఆ బాటిల్‌లోంచే పోసేస్తే ఏమవుతుంది?")

మంచి ప్రశ్న అమ్మా. ఆ రోజు బార్‌లో ఒకాయన కూడా నాతో అదే అన్నాడు, "వాళ్ళకేం తెలుస్తది, పోసెయ్" అని. తెలియని మాట నిజమే. ఏదో చెడిపోయిందని వాళ్ళు అనుకోరు. వైన్ రుచే ఇంతేమో అనుకుంటారు. పదేళ్ళ నుంచి తాగుతున్న గెస్ట్ అయితే గ్లాసు వెనక్కి పంపిస్తాడు, మనం మారుస్తాం, అక్కడితో అయిపోతుంది. మొదటిసారి తాగేవాళ్ళకు పోలిక లేదు. ఆ గ్లాసే వాళ్ళకు వైన్. అందుకని మొదటిసారి తాగేవాళ్ళ గ్లాసు విషయంలోనే నేను ఎక్కువ జాగ్రత్తగా ఉంటాను. కెప్టెన్ అన్నకు వాసన చూపించాను. ఆయన ఒక్కసారి చూసి బాటిల్ సింక్‌లో వంపేశారు. కొత్తది తీయమన్నారు.

కొత్తది స్టోర్‌లో ఉంది. ఏసీ గదే, కానీ బాటిల్ ముట్టుకుంటే చల్లగా లేదు, 25 డిగ్రీలు ఉండొచ్చు. షెనిన్ 8 నుంచి 10 డిగ్రీల దగ్గర తాగాలి. వేడిగా ఉంటే తీపి ముందుకొస్తుంది, పులుపు వెనక్కి పోతుంది, ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది. చేప రావడానికి పావుగంట ఉంది. నేను బకెట్ నిండా ఐస్ ముక్కలు వేసి బాటిల్ గుచ్చాను. అయిదు నిమిషాల తర్వాత చూస్తే పెద్ద తేడా లేదు. కెప్టెన్ అన్న వచ్చి బకెట్‌లో జగ్గు నీళ్ళు గుమ్మరించి, వంటింట్లోంచి గుప్పెడు కల్లుప్పు తెచ్చి వేశారు. ఐస్ ముక్కలు బాటిల్‌ను అక్కడక్కడా మాత్రమే తాకుతాయి, మధ్యలో అంతా గాలే. గాలి చల్లదనాన్ని త్వరగా అందించలేదు. నీళ్ళు బాటిల్‌ను చుట్టూ పట్టుకుంటాయి. ఉప్పు వేస్తే ఆ నీళ్ళు సున్నా కంటే కిందికి దిగుతాయి. మన వీధుల్లో కుల్ఫీ కుండ వాళ్ళు చేసే పనే ఇది. మిగిలిన పది నిమిషాల్లో బాటిల్ మీద చెమట పట్టింది.

ఈలోపు వాళ్ళతో అబద్ధం చెప్పలేదు. "బాటిల్ చల్లబడుతోంది సర్, చేపతో పాటు తెస్తాను" అన్నాను. కారణం చెప్తే మనుషులు పావుగంట హాయిగా ఆగుతారు. ఏమీ చెప్పకపోతే అయిదు నిమిషాలకే మనల్ని మర్చిపోయారేమో అనుకుంటారు.

అపోలో ఫిష్ వచ్చింది. ఒక్కొక్కరి ముందు రెండు చిన్న గ్లాసులు పెట్టాను, ఒకదాంట్లో నాసిక్ షిరాజ్, అంటే ఎర్ర వైన్, ఇంకోదాంట్లో షెనిన్. ఆవిడ గ్లాసు వైపు చేయి చాచి ఆగిపోయారు. ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. నేను ఏమీ చెప్పలేదు. ఆయన గ్లాసును కాడ దగ్గర పట్టుకుని ఒక అంగుళం పక్కకు జరిపాను, అంతే. ఆవిడ చూశారు. అలాగే పట్టుకున్నారు. నోటితో చెప్తే అది పాఠం అయిపోతుంది, అందులోనూ పక్క టేబుల్‌కి వినిపిస్తుంది.

"ముందు ఎర్రది ఒక గుక్క. తర్వాత చేప. మళ్ళీ ఎర్రది" అన్నాను. ఆయన తాగారు. "కాస్త వగరుగా ఉంది, నేరేడు పండులా" అన్నారు. ఆ మాట నేను నేర్పలేదు, ఆయనకే వచ్చింది. చేప ముక్క తిని మళ్ళీ గుక్క వేశారు. వెంటనే మంచినీళ్ళు అందుకున్నారు. "అమ్మో, కారం రెండింతలైంది."

ఎందుకైంది? మిరపకాయ మన నోట్లో వేడిని కనిపెట్టే నరాలను తట్టి లేపుతుంది. అందుకే కారాన్ని మంట అంటాం. ఆల్కహాల్ కూడా ఆ నరాలనే ఇంకా సున్నితం చేస్తుంది. షిరాజ్‌లో ఆల్కహాల్ 14 శాతం దాకా ఉంటుంది, పైన వగరు నోటిలోని నునుపును తీసేస్తుంది. అప్పటికే మండుతున్న నోటికి రెండూ కలిసి పడతాయి. అందుకే చేప, గోంగూర మటన్ అనగానే నా లిస్టులో సగం పక్కకు వెళ్ళాయన్నాను.

తర్వాత షెనిన్. ఆవిడ ముందు వాసన చూశారు. నేను చూడమనలేదు. కొంచెంసేపు ఆగి, "జామకాయ వాసన" అన్నారు. ఆయన కూడా చూసి, "అవును, దోర జామకాయ" అన్నారు. అది సరైన మాట. నాసిక్ షెనిన్ గురించి వైన్ పుస్తకం చదివినవాళ్ళూ అదే అంటారు. చేప తిన్నారు, గుక్క వేశారు. ఈసారి మంచినీళ్ళ వైపు చెయ్యి వెళ్ళలేదు. కొద్దిగా తీపి కారాన్ని మెత్తబరిచింది, పులుపు నోరు కడిగింది. మళ్ళీ చేప ముక్క తీసుకున్నారు.

ఒక్క అనుమానం మిగిలింది నాకు. ఆయనది సాల్ట్. తీపి పడదన్నారు. అడిగాను. "తీపి తెలియట్లేదే" అన్నారు. చేపలో కారం, ఉప్పు ఉన్నప్పుడు ఆ కొన్ని గ్రాముల చక్కెర నోటికి తీపిగా అందదు, మెత్తదనంగా అందుతుంది. గోంగూర వచ్చాక ఇంకా బాగా కుదిరింది. వైన్‌లో పులుపు తిండిలో పులుపు కంటే తక్కువైతే వైన్ నీళ్ళలా చప్పబడుతుంది. గోంగూర పక్కన నిలబడాలంటే పులుపున్న ద్రాక్షే కావాలి, షెనిన్‌కి అది ఉంది. అయితే ప్రతి గోంగూరకూ ఇదే సరిపోతుందని రాసుకోకండి. మా షెఫ్ గోంగూరను ఒకసారి వార్చి పులుపు తగ్గించేవాడు. గుంటూరు వైపు ఇంట్లో వండినట్టు వండితే ఆ పులుపుకు షెనిన్ కూడా తల వంచుతుంది. మీ వంటింట్లో ఆ రోజు కూర ఎలా వచ్చిందో ఒక స్పూను నాకి చూసి వెళ్ళండి.

రెండు గ్లాసులు పోశాను. ముందు ఆవిడకు, తర్వాత ఆయనకు, గ్లాసు సగం కంటే తక్కువ. పోస్తుంటే ఆవిడ అడిగారు, "ఇది ఏ ఊరిది?"

"నాసిక్ మేడమ్."

"నాసికా! పెళ్ళైన కొత్తలో షిర్డీ వెళ్ళాం. అక్కణ్ణుంచి త్రయంబకేశ్వరం వెళ్తుంటే దారంతా ద్రాక్షతోటలు. ఏమండీ, మీరు ఫొటో కూడా తీశారు."

ఆయన ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టారు. నెల ఏదని అడిగాను. ఫిబ్రవరి అన్నారు. వైన్ ద్రాక్ష కోసే కాలం అదే. యూరప్‌లో మంచులో తీగ నిద్రపోయి, ఎండాకాలమంతా పెరిగి సెప్టెంబరు, అక్టోబరులో కోతకు వస్తుంది. నాసిక్‌లో తీగకు నిద్రపోయేంత చలి లేదు, కాబట్టి రైతే కత్తిరించి దానికి కాలం చెప్పాలి. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, ఎండాకాలంలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి. కాపు మాత్రం ఒకటే తీసుకుంటారు, జనవరి నుంచి మార్చి మధ్యలో. వాళ్ళు బస్సు కిటికీలోంచి చూసిన తోటల్లో ఆ గుత్తులు కోతకు సిద్ధంగా ఉండి ఉంటాయి. తినే ద్రాక్షతోటలో, వైన్ ద్రాక్షతోటలో నాకు తెలియదు, అక్కడ రెండూ ఉంటాయి. అదే చెప్పాను.

ఫొటో దొరికింది. ఆవిడ ఫోన్ నా వైపు తిప్పి చూపించారు. బస్సు అద్దం మీద వెలుగు పడి సగం తెల్లగా ఉంది, మిగతా సగంలో ఆకుపచ్చ పందిళ్ళు. ఆ తర్వాత నేను ఆ టేబుల్ దగ్గరకు నీళ్ళు పోయడానికి తప్ప వెళ్ళలేదు. ఆవిడ పక్క టేబుళ్ళ వైపు చూడటం మానేశారు.

రెండో గ్లాసు చెప్పమని నేను అడగలేదు. అమ్మకాల లెక్కలో అది తక్కువ కావచ్చు. వాళ్ళిద్దరి గ్లాసుల్లో రెండు గుక్కలు మిగిలే ఉన్నాయి, ముద్ద మీద ముద్ద తింటున్నారు, మాటలు నడుస్తున్నాయి. అలాంటప్పుడు వెళ్ళి "రిపీట్ చేయనా సర్" అంటే ఆయన మళ్ళీ కుడివైపు అంకెల దగ్గరకు వెళ్ళిపోతారు.

బిల్లు ఇచ్చాను. ఆయన చూశారు, అనుకున్నంతే ఉంది, కార్డు పెట్టారు. లేచేముందు ఆవిడ అడిగారు, "బాబూ, దాని పేరు రాసిస్తావా? మా అన్నయ్య వాళ్ళు వచ్చినప్పుడు చెప్పాలి."

జేబులో ఆర్డర్ ప్యాడ్ ఉంది. ఇంగ్లీషులో రాయబోయి ఆగాను. లిస్టులో ఆ పేరు ఇంగ్లీషులో ఉన్నందుకే ఆయన దాని మీద వేలు పెట్టలేదు. తప్పు పలుకుతానేమోనని భయపడ్డ పేరును ఎవరూ ఆర్డర్ చేయరు. అందుకని తెలుగులో రాశాను. చీటీ చించి ఇచ్చాను.

ఆవిడ వెలుగు వైపు తిప్పి చదివారు. "షెనిన్ బ్లాంక్. నాసిక్." తర్వాత నా వైపు చూసి, "ఇంతేనా?" అన్నారు.

"ఇంతే మేడమ్."

చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నారు. ఆటో కోసం ఇద్దరూ మెట్లు దిగుతుంటే ఆయన ఆ పేరు ఒకసారి పలికి చూసుకోవడం వినిపించింది. నేను టేబుల్ తీయడానికి వెనక్కి వెళ్ళాను. రెండు గ్లాసులూ ఖాళీ. ఆ రాత్రి బార్ స్లిప్పుల మీద రుచికి పోసిన నాలుగు ముప్పైలూ రాసి, కొత్త బాటిల్ మెడకు తేదీ చీటీ కట్టి ఇంటికి వెళ్ళాను.